గల్లాపెట్టెలో ఉన్నదంతా మనది కాదు

తెనాలిలో ఒక కిరాణా కొట్టు ఉందనుకోండి. దాన్ని నడిపే కుర్రాడి పేరు శీను, వయసు ఇరవై ఆరు. కథ కల్పితమే కానీ ఇందులోని లెక్కలు చిన్న ఊళ్లలో కొట్టు నడిపేవాళ్లకు కొత్తవి కావు. ఒకటే గది. నాన్న పోయాక మూడేళ్లుగా శీనే చూసుకుంటున్నాడు. రోజుకు తొమ్మిది వేల దాకా అమ్మకం ఉంటుంది, కొట్లో లక్షా అరవై వేల సరుకు ఉంటుంది.

పక్కన ఉన్న టైలరు గది ఖాళీ అయింది. మధ్యగోడకు దారి కొడితే కొట్టు రెట్టింపవుతుంది. అడ్వాన్సు 40 వేలు, ర్యాకులకు 20 వేలు, మిగతాది సరుకు. లక్ష ఉంటే పనైపోతుంది. ఈ కబురు ఎలా తెలిసిందో గానీ, మర్నాడు సాయంత్రానికి ఫైనాన్స్ ఆయన బండి కొట్టు ముందు ఆగింది.

"తమ్ముడూ, బ్యాంకుల చుట్టూ తిరిగితే చెప్పులరగడమే. రేపు పొద్దున్నే డబ్బు నీ చేతిలో పెడతా. రోజుకు వెయ్యి, వంద రోజులు. నీ గల్లాకి వెయ్యి ఒక లెక్కా?"

లక్ష రాసుకుని 12 వేలు ముందే పట్టుకుంటారు. చేతికి వచ్చేది 88 వేలు. సంతకం చేసిన ఖాళీ ప్రామిసరీ నోటు ఒకటి, ఖాళీ చెక్కులు రెండు ఇవ్వాలి. రోజూ రాత్రి ఎనిమిదింటికి కుర్రాడొచ్చి వెయ్యి తీసుకుని కార్డు మీద టిక్కు పెట్టి వెళతాడు. కోస్తాలో దీన్ని డైలీ ఫైనాన్స్ అంటారు, తెలంగాణలో గిరిగిరి అంటారు. ఈ పద్ధతి తెలియని బజారు మన రెండు రాష్ట్రాల్లో ఉండదేమో.

శీనుకు ఆశ పుట్టింది. పుట్టకుండా ఎలా ఉంటుంది? ఆ రాత్రి గల్లాలో తొమ్మిది వేల మూడొందలున్నాయి. అందులోంచి వెయ్యి తీస్తే ఇంకా ఎనిమిది వేలు మిగులుతున్నాయి. కానీ పొద్దున హోల్‌సేల్ కొట్టుకు వెళ్లినప్పుడు, నాన్న కాలం నుంచీ తెలిసిన పెద్ద గుమాస్తా ఒక మాట అడిగాడు.

"ఒరే శీనూ, ఆ తొమ్మిది వేలల్లో నాకు రావాల్సింది ఎంతరా?"

కిరాణాలో బియ్యం, నూనె, పంచదార మీద మిగిలేది కొద్ది. సబ్బులు, బిస్కెట్ల మీద కాస్త ఎక్కువ. అన్నీ కలిపి శీనుకు నూటికి పది రూపాయలు పడుతోంది. అంటే తొమ్మిది వేల అమ్మకంలో ఎనిమిది వేల వంద సరుకు డబ్బే. రేపో ఎల్లుండో అది మళ్లీ హోల్‌సేలుకు వెళ్లాలి, లేకపోతే ర్యాకు ఖాళీ అవుతుంది. శీనుకు మిగిలేది తొమ్మిది వందలు. అందులో కొట్టద్దె రోజుకు 150, కరెంటు 50, ఇంటి ఖర్చు 400 పోతే చేతిలో ఉండేది మూడు వందలు. వాయిదా మాత్రం వెయ్యి. ఆ తేడా ఏడు వందలు రోజూ ఎక్కడి నుంచి వస్తాయి? సరుకులోంచే వస్తాయి.

ఇక్కడే చాలామంది కొట్లవాళ్లు దెబ్బతింటారు. లాభంలోంచి కట్టలేని వాయిదాను అమ్మకంలోంచి కట్టడం చాలా తేలిక. ఆ తేలికే ప్రమాదం. మొదటి నెల ఏమీ తెలియదు. తర్వాత ర్యాకు ముందు వరస నిండుగా కనిపిస్తూ వెనక వరస బోసిపోతుంది. బస్తా కొనే చోట అరబస్తా కొంటారు, దాంతో కిలోకు రూపాయో రెండో ఎక్కువ పడుతుంది. "లేదమ్మా, రేపొస్తుంది" అనే మాట రోజుకు నాలుగుసార్లు వస్తుంది. డెబ్బయ్యో రోజుకు ఫైనాన్స్ ఆయనే చల్లగా అంటాడు: "పాతది కట్టేసుకుని కొత్త లక్ష రాసుకుందాం తమ్ముడూ." కొత్త లక్షలో మళ్లీ 12 వేలు కోత, పాత బాకీకి 30 వేలు కోత.

కొత్త గది వస్తే అమ్మకం పెరుగుతుంది కదా అని మీరు అడగొచ్చు. శీనూ అదే అడిగాడు. గుమాస్తా బిల్లు పుస్తకం వెనకే లెక్క వేశాడు. 88 వేలల్లో అడ్వాన్సుకు, ర్యాకులకు 60 వేలు పోతే సరుకుకు దక్కేది 28 వేలు. శీను కొట్లో సరుకు తిరగడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది. ఆ లెక్కన 28 వేల సరుకు రోజుకు పదిహేడు వందల అమ్మకం తెస్తుంది, దాని మీద మిగిలేది 170. కొత్త గది అద్దె రోజుకు 150. పెరిగిన ఆదాయం అక్షరాలా ఇరవై రూపాయలు. వంద రోజుల తర్వాత చూస్తే కొట్లో సరుకు లక్షా ఇరవై వేలకు దిగుతుంది. గదులు రెండవుతాయి, సరుకు ఇప్పుడున్నంత కూడా ఉండదు.

వడ్డీ సంగతి కూడా చూద్దాం. 12 వేలే కదా, నూటికి పన్నెండే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గిపోతూ ఉంటుంది. వంద రోజుల పొడుగునా శీను చేతిలో 88 వేలు ఉండవు, సగటున అందులో సగమే ఉంటాయి. మనవాళ్ల లెక్కలో చెప్పాలంటే అది నెలకు నూటికి దాదాపు ఎనిమిది రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీనే భారమనుకునే ఊళ్లో ఈ ఎనిమిది కనిపించకుండా దాక్కుంటుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ అప్పు అందరినీ ముంచదు. తెల్లవారుజామున కూరగాయలు కొని సాయంత్రానికి అమ్ముకునే మనిషికి డబ్బు ఏ రోజుకారోజు తిరుగుతుంది, మిగులు కూడా నూటికి ఇరవై పైనే ఉంటుంది. ఆ మనిషి ఎలాగో లాక్కొస్తాడు. సరుకు పద్దెనిమిది రోజులకు తిరిగి, నూటికి పది మిగిలే కిరాణాకు మాత్రం ఇది సరిపడదు.

ఆ ఖాళీ కాగితాల సంగతి వేరు. స్టాంపు అంటించి సంతకం చేసిన ఖాళీ నోటు ఇస్తే, ఆ స్టాంపుకు చెల్లే మొత్తం దాకా నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. "నేను అంత రాయలేదు" అని తర్వాత నిరూపించుకోవడం కష్టం. అదే చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసుకు రెండేళ్ల దాకా జైలు ఉంటుంది, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. 2015లో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం చదివినవాళ్లకు ఇది ఎక్కడిదాకా పోతుందో గుర్తుండే ఉంటుంది.

శీను ఫైనాన్స్ ఆయనకు "ఇప్పుడు వద్దన్నా" అని చెప్పేశాడు. ఇక కొట్టు పెంచడం ఎలా? ఉన్న కొట్లోనే ఇరుక్కుపోయిన డబ్బు ఎంతో చూద్దామనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి, అమ్మను కూర్చోబెట్టుకుని సరుకంతా కిందకు దింపాడు. రెండు నెలలుగా కదలని ప్రతి అట్టపెట్టె మీదా ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంటూ గీశాడు. పెద్ద సైజు షాంపూ సీసాలు, సంక్రాంతికి తెచ్చిన గిఫ్టు ప్యాకెట్లు, ఎవరూ అడగని బ్రాండు టీపొడి, ప్లాస్టిక్ డబ్బాలు. కొన్న ధరకు లెక్కేస్తే 22 వేలు! గడువు దగ్గరపడుతున్నవి ఏజెన్సీ సేల్స్‌మన్ ముందు పెట్టి, కొన్ని వెనక్కిచ్చి వేరే సరుకు తీసుకున్నాడు. గడువు దాటాక వెనక్కి తీసుకుంటారో లేదో ఒక్కో ఏజెన్సీది ఒక్కో తీరు కాబట్టి నెల ముందే అడగడం మేలు. మిగతావి కొన్న ధరకూ, కొన్నింటిని అంతకంటే తక్కువకూ వదిలేశాడు. 14 వేలు బయటపడ్డాయి.

అరువు పుస్తకంలో 46 వేలున్నాయి. అన్నీ తెలిసినవాళ్లవే. శీనుకు నోరు రాలేదు, అమ్మే వెళ్లింది. "పిల్లాడు కొట్టు పెంచుకుంటున్నాడు వదినా, పాతది కొంచెం సర్దండి" అని ఇంటింటికీ తిరిగింది. రెండు నెలల్లో 18 వేలు వచ్చాయి. ఒకరిద్దరు అలిగి వేరే కొట్టుకు మారారు, కొన్ని బాకీలు ఇక రావు. అప్పటి నుంచి ఇంటికి వెయ్యి మించి అరువు లేదు, అయిదో తారీఖు దాటితే కొత్త సరుకు లేదు.

చేతికొచ్చిన ఈ 32 వేలతో శీను పక్కగది జోలికి పోలేదు. 15 వేలకు ఒక పాత ఫ్రిజ్ కొన్నాడు, పాల ఏజెన్సీకి 5 వేలు డిపాజిట్ కట్టాడు. పొద్దున అయిదున్నరకే కొట్టు తెరవడం మొదలుపెట్టాడు. పాల మీద లీటరుకు మిగిలేది రెండు రూపాయలే, కానీ పొద్దున పెట్టిన డబ్బు తొమ్మిదింటికల్లా తిరిగొస్తుంది. అరవై లీటర్లకు 120. వీధి చివర ఉండే ఒకావిడ రుబ్బిచ్చే ఇడ్లీ, దోసె పిండి పదిహేను ప్యాకెట్లు, ఒక్కోదానికి ఎనిమిది రూపాయలు. పాలకొచ్చినవాళ్లు పంచదారో, టీపొడో, రస్కులో తీసుకుంటారు. ఆ అమ్మకం మీద ఇంకో వంద. అంతా కలిపి 340 రూపాయలు. కరెంటుకూ, పగిలిన ప్యాకెట్లకూ, పులిసిపోయిన పిండికీ 70 తీసేయండి. రోజుకు 270 నికరం, అదనపు అద్దె లేకుండా.

ఇందులో కష్టం లేదని కాదు. వేసవిలో కరెంటు పోతే పాలు విరుగుతాయి. మొదటి వారం పిండి ఎక్కువ తెప్పించి సగం పారబోశాడు. మిగిలిన ప్యాకెట్లు వెనక్కి తీసుకునేలా ఆవిడతో మాట్లాడుకున్నాకే నష్టం ఆగింది.

ఎనిమిది నెలల తర్వాత శీను అప్పు చేశాడు, కానీ బ్యాంకులో. క్యూఆర్ కోడ్ మీద వచ్చే డబ్బంతా కరెంటు ఖాతాకే పోయేలా చేసుకున్నాడు కాబట్టి చూపించడానికి స్టేట్‌మెంట్ ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా చేసుకున్నాడు. ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా హామీ ఆస్తి లేకుండా ఇస్తారు. వడ్డీ బ్యాంకును బట్టి మారుతుంది. ఏడాదికి పన్నెండు శాతం, మూడేళ్ల గడువు అనుకుంటే వాయిదా నెలకు సుమారు 1,660, అంటే రోజుకు 55 రూపాయలు. రోజూ మిగిలే అయిదారు వందల్లోంచి అది సులువుగా వెళ్లిపోతుంది. ఆ డబ్బుతో పైకప్పు దాకా ర్యాకులు వేయించి సరుకు పెంచాడు. పక్కగదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది.

మీరు చిన్న వ్యాపారానికి బ్యాంకులోనో, ఫైనాన్స్ కంపెనీలోనో వాయిదాల అప్పు తీసుకోబోతుంటే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. మీకు అర్థమయ్యే భాషలో ఆ కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ముద్ర దరఖాస్తుకు ఏ దళారికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఆ పేరు నేరుగా బ్యాంకు మేనేజరుకు చెప్పండి.