మందు అమ్మేవాడి కామెంటు, మందు అడిగే రైతు కామెంటు

మిర్చి సాగు మీద తెలుగులో వీడియోలు చేసే యూట్యూబ్ చానెల్ ఒకటి ఉందనుకుందాం. నల్ల తామర పురుగు మీద పెట్టిన వీడియో ఒక్కసారిగా ఊళ్లన్నీ చుట్టేసింది. నిన్నటిదాకా రోజుకు పది కామెంట్లు వచ్చేవి, ఇవాళ మూడు వందలొచ్చాయి. వాటిలో రైతుల ప్రశ్నలు ఉన్నాయి, బూతులు ఉన్నాయి, 'ఈ నంబరుకు వాట్సాప్ చేయండి, ఒక్క స్ప్రేతో పురుగు పోతుంది' అనే ప్రకటనలూ ఉన్నాయి. ఆ ప్రకటన నమ్మి డబ్బు పంపిన రైతు నష్టపోతాడు. అందుకే ఈ గుంపును వడకట్టడం చానెల్ నడిపేవారి బాధ్యత.

యూట్యూబ్ స్టూడియోలో Settings తెరిచి కమ్యూనిటీ విభాగంలోకి వెళ్తే Blocked words అనే పెట్టె కనిపిస్తుంది. కామాలతో విడదీస్తూ అందులో మాటలు రాసుకోవాలి. ఆ మాటకు దగ్గరగా ఉన్న కామెంటు వస్తే చెరిగిపోదు. ఎవరికీ కనపడకుండా Held for review అనే జాబితాలో ఆగుతుంది, మీరు చూసి అనుమతిస్తే బయటికొస్తుంది. లైవ్ చాట్‌లో మాత్రం ఇలా ఆగదు, ఆ సందేశం అసలు కనపడదు. పక్కనే ఉన్న Block links గడిలో టిక్ పెడితే లింకులున్న కామెంట్లు కూడా ఆగుతాయి. దీన్ని మొదటిరోజే పెట్టుకోవచ్చు, ఎందుకంటే సందేహం అడిగే రైతు లింకు పెట్టడం అరుదు.

తంటా అంతా మాటల జాబితాతోనే. అమ్మకాల కామెంట్లన్నిటిలో 'మందు' ఉంది కదా అని ఆ మాటను జాబితాలో వేశారనుకోండి, 'ఎకరానికి మందు ఎంత కలపాలి సార్' అని అడిగిన రైతులంతా ఆగిపోతారు. 'మోసం' అన్న మాట వేస్తే అంతకన్నా అన్యాయం. 'ఫలానా మందు కొట్టాను, పురుగు పోలేదు, మోసం' అని రాసిన రైతు తోటివారిని హెచ్చరిస్తున్నాడు. ఆ గొంతు బయటికి వినపడాలి. కాబట్టి విషయానికి సంబంధించిన మాటలను వదిలేసి, అమ్మేవాడు తప్ప మరొకరు వాడని మాటలు వెతకాలి. అతనికి కావలసింది రైతును చానెల్ బయటికి లాక్కెళ్లడం. అందుకని జాబితా ఇలా మొదలవుతుంది:

```
whatsapp, watsapp, వాట్సాప్, వాట్సప్, telegram, టెలిగ్రామ్
```

ఒకే మాటకు ఇన్ని రూపాలు ఎందుకంటే, మనవాళ్లు తెలుగు లిపిలోనూ రాస్తారు, ఇంగ్లిషు అక్షరాల్లోనూ రాస్తారు, అందులోనూ ఎవరి స్పెల్లింగు వారిది. పైగా తెలుగులో మాట చివర 'లో', 'కి', 'వి' అతుక్కుంటాయి. వాటన్నిటినీ వడపోత పడుతుందని నమ్మకుండా, ఇంట్లో మరొకరి అకౌంటు నుంచి రకరకాలుగా రాయించి చూడండి. బూతుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. డెంగ్యూ జ్వరం పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఒక తెలుగు బూతుకు దగ్గరగా ఉంటుంది. బూతుల్లో పొట్టి ముక్కలు వేస్తే అలాంటి మంచి మాటలు చిక్కుకునే ప్రమాదం ఉంది.

ఫోన్ నంబర్లకు ఈ పెట్టె పూర్తి మందు కాదు. 'పది అంకెలున్నవన్నీ ఆపు' అని చెప్పే వీలు ఇందులో లేదు. తరచూ వచ్చే నంబరును వేయగలం, అది మారితే మళ్లీ మొదటికే. అమాయకంగా తన నంబరు పెట్టేసి 'ఫోన్ చేయండి సార్' అనే రైతులూ ఉంటారు. చానెల్ పేరు, బొమ్మ పెట్టుకున్న నకిలీవాళ్లకు కావలసింది ఆ నంబర్లే.

అందుకే మాటల జాబితాతో పాటు వీడియో స్థాయి అమరిక కూడా చూసుకోవాలి. అందులో None, Basic, Strict, Hold all అని నాలుగు మెట్లుంటాయి. Basic, Strict ఎంచుకుంటే అనుచితంగా తోచిన కామెంట్లను యూట్యూబే ఆపుతుంది, Strict ఎక్కువ ఆపుతుంది. Hold all పెడితే ప్రతి కామెంటూ మీ చేతి మీదుగానే బయటికెళ్లాలి. మామూలు రోజుల్లో Basic సరిపోతుంది. నంబర్ల వరద వచ్చిన ఆ తామర పురుగు వీడియో ఒక్కదానికి కొన్నాళ్లు Hold all పెట్టడం నా దృష్టిలో సబబే, కానీ పొద్దున, సాయంత్రం కూర్చుని చదివే మనిషి ఉంటేనే. ఆగిన కామెంట్లు 60 రోజుల వరకే ఆ జాబితాలో ఉంటాయి. మిర్చికి అన్ని రోజులు ఎక్కడివి? పురుగు పట్టిన చేలో నిలబడి అడిగిన రైతుకు వారం తర్వాత జవాబిచ్చినా వృథాయే.

అదే పనిగా వేధించే ఒకరిద్దరి కోసం జాబితాను పెంచనక్కర్లేదు. వారి కామెంటు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఆ వ్యక్తిని చానెల్‌లో కనపడకుండా దాచేయవచ్చు. ఆ సంగతి వారికి కబురు వెళ్లదు. ఎప్పుడూ మంచి సలహాలిచ్చే పెద్ద రైతులను ఆమోదిత వ్యక్తుల జాబితాలో చేర్చితే, 'వాట్సాప్' అని రాసినా వారి కామెంటు ఆగదు.

వారానికొకసారి ఆగిన కామెంట్లన్నీ తిరగేయండి. ఏ మాట వల్ల ఆగినవాటిలో సగానికి పైగా మీరే అనుమతించి వదిలారో, ఆ మాటను జాబితాలోంచి తీసేయండి.