ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారు?

చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించండి. సీటు ఎత్తు 17 అంగుళాలు ఉండాలి. సోఫా, మంచం వద్దు, ఎత్తు మారితే లెక్క తప్పుతుంది. చేతులు ఛాతీపై అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో పక్కన ఒకరు నిలబడి లెక్కపెట్టాలి. చేతులతో ఊతం తీసుకుంటే ఫలితం సున్నాయే.

72 ఏళ్ల అమ్మమ్మ 8 సార్లు లేచిందనుకుందాం. 70-74 ఏళ్ల ఆడవారికి 10 కంటే, మగవారికి 12 కంటే తగ్గితే పడిపోయే ముప్పు ఎక్కువని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టిక చెబుతుంది. అయితే మోకాళ్ల నొప్పి వల్ల కూడా లెక్క తగ్గుతుంది. అందుకే ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కూడా రాసుకుని డాక్టరుకు చూపించాలి. కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపేయాలి.