చేపలు తిన్నా అందని బి12

మా పెద్దమ్మకు తేడా తెలిసింది స్నానాలగదిలో. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ఒళ్లు తూలిపోయి గోడ పట్టుకునేది. కొన్నాళ్లకు, నడుస్తుంటే కాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియక ఒంటి చెప్పుతో ఇంటికి రావడం మొదలైంది. భీమవరం దగ్గర పల్లె, 62 ఏళ్లు, వారానికి మూడుసార్లు చేపల పులుసు, రోజూ పెరుగు. రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువని వస్తే ఆవిడ ఒప్పుకోలేదు. "శాకాహారులకు కదా వచ్చేది? నేను తిన్నన్ని చేపలు ఆ డాక్టరుగారు తిన్నారా?" అంది.

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. తిండిలో లోపం లేదు. లోపం పొట్టలో ఉంది.

ఈ సంగతి మొదట పట్టుకున్నది బోస్టన్‌లోని విలియం కాజిల్ అనే యువ వైద్యుడు. అప్పట్లో పెర్నీషియస్ ఎనీమియా అంటే మరణశిక్షే. 1926లో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు రోగులకు రోజూ బోలెడంత కాలేయం తినిపించి బతికించారు. కాజిల్‌కు వేరే సందేహం వచ్చింది. మామూలు మనుషులు రోజూ కాలేయం తినకుండానే బాగున్నారు కదా, మరి వాళ్ల పొట్ట చేస్తున్నదీ ఈ రోగుల పొట్ట చేయలేకపోతున్నదీ ఏమిటి?

ఆయన చేసిన ప్రయోగం వింటే కాస్త కడుపులో తిప్పుతుంది. సగం కాలిన ఎద్దుమాంసం 300 గ్రాములు తానే తిని, ఒక గంట ఆగి, గొంతులో వేలు పెట్టుకుని కక్కేవాడు. దాన్ని వెచ్చగా ఉంచి, పలచబడ్డాక గొట్టం ద్వారా రోగి పొట్టలోకి పంపేవాడు. ఉట్టి మాంసం పది రోజులు పెట్టినా రోగిలో మార్పు లేదు. ఉట్టి జఠరరసం ఇచ్చినా లేదు. రెండూ కలిపి ఇస్తే వారం తిరిగేసరికి రక్తంలో లేత ఎర్రకణాలు గుంపులుగా కనిపించాయి. మాంసంలో ఉన్నదాన్ని 'ఎక్స్‌ట్రిన్సిక్ ఫ్యాక్టర్' అనీ, జఠరరసంలో ఉన్నదాన్ని 'ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్' అనీ పిలిచాడు. ఆ రెండూ కలిసి మూడో పదార్థం ఏదో తయారవుతుందని ఆయన అనుకున్నాడు. అక్కడ మాత్రం పొరబడ్డాడు. 1948లో బి12ను శుద్ధిచేసి బయటికి తీశాక తేలిందేమిటంటే, మాంసంలో ఉన్నది బి12యే. పొట్ట ఇచ్చే ప్రొటీను దాన్ని మోసుకెళ్లే బోయీ మాత్రమే.

బోయీ ఎందుకంటే, బి12 విటమిన్లన్నిటిలోకీ పెద్ద అణువు. పేగు గోడలోంచి దానంతటది దూరలేదు. చేపముక్కలో ప్రొటీనుకు అతుక్కుని ఉన్న బి12ను ముందు పొట్టలోని ఆమ్లం విడదీస్తుంది. చిన్నపేగు మొదట్లో ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ దాన్ని పట్టుకుంటుంది. ఇక అక్కడినుంచి జీర్ణరసాలకు అరగకుండా కొన్ని మీటర్ల పేగు దాటి, చిన్నపేగు చిట్టచివరి భాగానికి చేరాలి. అక్కడి కణాలు బి12ను గుర్తుపట్టవు, బోయీని గుర్తుపడతాయి. జంట వస్తేనే తలుపు తీస్తాయి. ఈ దారిలో ఒక పూట భోజనం నుంచి లోపలికి వెళ్లేది దాదాపు రెండు మైక్రోగ్రాములే. మనకు రోజంతటికీ కావలసింది కూడా ఇంచుమించు అంతే.

పెద్దమ్మ విషయంలో ఒంటి రక్షణ వ్యవస్థే దారితప్పి, పొట్ట గోడలోని కణాల మీద పడింది. ఆమ్లాన్నీ, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌నూ చేసేవి ఆ కణాలే. అందుకే చేపలోని బి12 సరిగా విడివడదు, విడివడినా మోసేవాడు లేడు. ఇంకో నష్టం కూడా ఉంది. కాలేయం కొంత బి12ను రోజూ పైత్యరసంలోకి వదులుతుంది. మామూలుగా పేగు చివర దాన్ని తిరిగి పట్టుకుంటాం. ఆ పట్టుకునేదీ ఇంట్రిన్సిక్ ఫ్యాక్టరే. కాబట్టి ఈ రోగులకు తిన్నది అందకపోవడమే కాదు, దాచుకున్నదీ జారిపోతుంది. అయినా కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది గనక జబ్బు మొదలైన చాలాకాలానికి గానీ బయటపడదు.

బయటపడినప్పుడు కూడా ముసుగు వేసుకునే వచ్చింది. ఏడాది ముందు పెద్దమ్మకు ఆయాసం, నాలుక నున్నబడి మంట. హిమోగ్లోబిన్ 7.6. దగ్గరి ఊళ్లో ఒకరు ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. రెండు నెలల్లో 10 దాటింది. రక్తం పట్టిందని అందరం సంతోషపడ్డాం. అరికాళ్లలో చీమలు పాకినట్టుందని ఆవిడ అంటే వయసు మీద పడింది కదా అన్నాం.

రక్తకణం పుట్టాలంటే ఎముక మజ్జలో కణాలు విభజన చెందాలి. దానికి కొత్త డీఎన్‌ఏ కావాలి, అందుకు ఫోలేట్ కావాలి. వాడిన ఫోలేట్ ఒంట్లో తిరుగుతూ తిరుగుతూ ఒక మిథైల్ ముక్క తగిలించుకుంటుంది. ఆ ముక్కను దించుకోవడానికి బి12 తప్ప వేరే దిక్కు లేదు. బి12 లేకపోతే ఫోలేట్ ఉండీ పనికిరాకుండా చిక్కుబడిపోతుంది. మజ్జలో కణాలు పెరుగుతాయి గానీ విడిపోవు. భారీగా ఉబ్బి, చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. బతికి బయటపడ్డ ఎర్రకణాలు మామూలుకన్నా పెద్దవి. రిపోర్టులో ఎంసీవీ అనే అంకె 100 దాటడం దీని గుర్తు. పెద్దమ్మ పాత కాగితంలో అది 112 ఉంది. ఎవరూ చూడలేదు. ఇనుము లోపం కూడా కలిస్తే ఈ అంకె మామూలుగా కనబడి మోసం చేయవచ్చు.

ఫోలిక్ యాసిడ్ మాత్రలో ఆ మిథైల్ ముక్క ఉండదు. అందుకని చిక్కు పడేలోపు కొంత పని చేసిపెడుతుంది, రక్తం పెరుగుతుంది. నరాలకు మాత్రం ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే వాటికి అవసరమైన మిథైల్ బి12 ద్వారానే రావాలి. ఇది కొత్త పొరపాటు కాదు. 1945లో అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. దాన్ని పెర్నీషియస్ ఎనీమియా రోగులకు ఇస్తే రక్తం బాగుపడింది. అయితే కొందరికి కాళ్లు పడిపోసాగాయి. రక్తం, నరాలు ఒకే లోపానికి రెండు వేర్వేరు దారుల్లో దెబ్బతింటాయని డాక్టర్లు అలా నేర్చుకున్నారు.

నరం చుట్టూ కరెంటు తీగకు తొడుగున్నట్టు మయలిన్ పొర ఉంటుంది. బి12 లేక అది ఉబ్బి, ఊడిపోతుంది. వెన్నుపాము వెనకభాగంలో, పాదం ఎక్కడుందో మెదడుకు చెప్పే పొడవాటి తీగలకు ముందు దెబ్బ తగులుతుంది. కళ్లు తెరిచి ఉంటే చూపు ఆ లోటు కప్పిపుచ్చుతుంది. మూసుకోగానే మనిషి తూలిపోతాడు. సబ్బు రాసుకున్నప్పుడు జరిగింది అదే. రెండో డాక్టరు ఆవిడ చేత అదే చేయించారు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమన్నారు, పక్కన చేతులు చాచి తాను నిలబడ్డారు. తర్వాత మోగుతున్న ట్యూనింగ్ ఫోర్కును కాలి బొటనవేలి ఎముక మీద ఆనించారు. "చల్లగా ఉంది, అంతే" అంది పెద్దమ్మ. మోకాలి దగ్గర పెడితే గానీ కంపనం తెలియలేదు. రక్తంలో ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ మీద యాంటీబాడీలు కనబడటంతో కారణం ఖాయమైంది.

వైద్యం బోయీని పక్కనబెట్టి చేస్తారు. మొదట రోజు విడిచి రోజు కండలోకి ఇంజెక్షన్, తర్వాత నెలల తేడాతో జీవితాంతం. మాత్ర కూడా పనిచేస్తుంది, కాకపోతే డోసు పెద్దది ఉండాలి. బోయీ లేకుండానే నూటికి ఒక వంతు పేగులోంచి ఇంకుతుంది కాబట్టి 1000 మైక్రోగ్రాముల మాత్రలో పది దాకా అందుతుంది. 1926 నాటి రోగులను అంతంత కాలేయం బతికించిందీ ఈ ఒక వంతు లెక్కతోనే.

రెండు నెలల్లో పెద్దమ్మ హిమోగ్లోబిన్ 12కు వచ్చింది. అరికాళ్ల చీమలు తగ్గడానికి ఆరు నెలలు పట్టింది. బొటనవేలి మీద ఫోర్కు మోత మాత్రం ఇప్పటికీ తెలియదు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కుంది. సబ్బు రాసుకునేది పీట మీద కూర్చునే.