పనిచేస్తున్న స్విచ్‌ను ఎందుకు మార్చాలి?

‘బాగానే పనిచేస్తోంది కదా, ఇప్పుడెందుకు మార్చడం?’ కొత్త నెట్‌వర్క్ స్విచ్‌లకు డబ్బు కావాలని కంప్యూటర్ విభాగం ఉత్తరం రాస్తే యాజమాన్యం వేసే మొదటి ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న కూడా. చాలా ఉత్తరాలు దీనికి జవాబు చెప్పకుండా, ‘గడువు ముగిసింది’ అన్న ఒక్క మాటను ఎర్ర అక్షరాల్లో రాసి ఊరుకుంటాయి. ఆ గడువు ఎవరు పెట్టారో, దాటితే ఏమవుతుందో ఎండీ గారికి తెలిసే వీలేదు.

ఒక ప్రైవేటు ఆసుపత్రిని ఊహించుకుందాం. అన్ని అంతస్తుల తీగలూ వచ్చి కలిసే కోర్ స్విచ్ ఒకటే ఉంది, అది సిస్కో క్యాటలిస్ట్ 3750-ఎక్స్. ఈ రకాన్ని కంపెనీ 2016 అక్టోబరులో అమ్మడం మానేసింది. 2021 అక్టోబరు 31తో మద్దతు కూడా ఆపేసింది. ఆ తర్వాత చెడిపోతే కంపెనీ మరొకటి పంపదు. సాఫ్ట్‌వేర్‌లో కొత్త లోపం బయటపడినా సరిచేయదు. ఉత్తరంలో మొదటి పేరా ఈ రెండు వాక్యాలే అయితే చాలు.

తర్వాత రావలసింది పెట్టె పరిస్థితి. `show version` అని కొడితే స్విచ్ ఎంతకాలంగా ఆగకుండా నడుస్తోందో కనిపిస్తుంది. ఆరేళ్లు అని వస్తే మురిసిపోనక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆరేళ్లుగా ఎవరూ మార్చలేదన్నమాట. పైగా పాత పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయి ఉన్నా, నడుస్తున్నంతసేపు నెట్టుకొస్తుంది. కరెంటు పోయి వచ్చాకే మళ్లీ లేవదు.

ఇక డబ్బు లెక్క. అంకెలు ఎవరివి వారు వేసుకోవాలి, నేను ఉదాహరణకు వేస్తున్నాను. రెండు కొత్త కోర్ స్విచ్‌లు, ఫైబర్ మాడ్యూళ్లు, లైసెన్సులు, మద్దతు ఒప్పందం, బిగింపు అన్నీ కలిపి 18 లక్షలు అనుకుందాం. దానిపై 18 శాతం జీఎస్టీ. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి కట్టిన పన్నును ఆసుపత్రి తిరిగి సర్దుబాటు చేసుకోలేదు, అదీ ఖర్చే. మొత్తం 21 లక్షల 24 వేలు. ఏడేళ్లు వాడితే ఏడాదికి సుమారు 3 లక్షల 3 వేలు. మాడ్యూళ్లనూ లైసెన్సులనూ మరిచిపోయి, మూడు నెలలకు మళ్లీ చేయి చాపితే తర్వాతి ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు.

మార్చకపోతే? కోర్ పోతే ఓపీ నమోదు, ల్యాబ్ ఫలితాలు, మందుల బిల్లు అన్నీ కాగితం మీదికొస్తాయి. గంటకు 60 వేల నష్టం అనుకుందాం. మద్దతు లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్ పెట్టె వెతికి తెచ్చి బిగించేసరికి రెండు రోజులు, అంటే 24 పనిగంటలు. నష్టం 14 లక్షల 40 వేలు. ఏ ఏడాదైనా ఇలా జరిగే అవకాశం అయిదింట ఒకటి అనుకుంటే ఏడాదికి 2 లక్షల 88 వేలు. కొత్త జంట ఉంటే అంతరాయం నాలుగు గంటలు, అవకాశం ఇరవైలో ఒకటి, ఏడాదికి 12 వేలు. మిగిలేది 2 లక్షల 76 వేలు.

అంటే ఏడాదికి సుమారు 27 వేలు తక్కువే పడుతోంది! ఇక్కడే చేతులు దురద పెడతాయి, అయిదింట ఒకటిని నాలుగింట ఒకటి చేసేస్తే సరిపోతుంది కదా అని. చేయకూడదు. అకౌంట్స్ వాళ్లు ఆ అంకెనే ముందు పట్టుకుంటారు. చెడిపోయే ప్రమాదం ఒక్కటే పూర్తి ఖర్చును సమర్థించడం లేదని, మిగతా కారణం భద్రత అని ఉత్తరంలోనే ఒప్పుకోవాలి.

భద్రతకు చెప్పదగిన ఉదాహరణ ఉంది. సిస్కో స్విచ్‌లలోని స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయంలో పెద్ద లోపం ఉందని 2018 మార్చిలో ప్రకటించారు. అదే లోపాన్ని రష్యా గూఢచార సంస్థకు చెందిన హ్యాకర్లు ఇంకా వాడుకుంటున్నారని, గడువు తీరిన పరికరాలు కూడా బలవుతున్నాయని 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. దాన్ని `no vstack` అనే ఆదేశంతో పైసా ఖర్చు లేకుండా ఆపేయవచ్చు కదా అని తెలిసినవారు అడుగుతారు. ఆపేసి, ఆపేశామని రాయాలి. ఉచితంగా చేయగలిగినవి ముందే చేశాక డబ్బు అడిగితే ఆ మాటకు బరువు. అసలు చిక్కు రేపు బయటపడబోయే లోపంతో, దానికి ఈ పెట్టెకు మందు రాదు. రోగుల వివరాలు బయటికి పొక్కితే సంగతి వేరు: వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ పెట్టకపోతే 2023 నాటి చట్టం ప్రకారం జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు.

అన్నీ ఒకేసారి అడగకపోవడం కూడా తెలివైన పనే. అంతస్తు స్విచ్ పోతే ఆ అంతస్తే ఆగుతుంది. ఒకటి రెండు అదనంగా అల్మరాలో ఉంచుకుని, వాటి మార్పును వచ్చే రెండేళ్లకు పంచవచ్చు. ఈ ఏడాది కోర్ మాత్రం.

చివర్లో చిన్న పద్దు ఒకటి ఉండాలి: తీసేసిన పాత స్విచ్‌లోని సెట్టింగులు చెరిపేసి, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సంస్థకు అప్పగించే ఖర్చు. అలాగే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తే నెట్‌వర్క్ పాస్‌వర్డ్‌లు కూడా దానితోపాటే వెళ్తాయి.