ఐదు టోకెన్లు చూసి పోటీ ఎంతో చెప్పగలరా?

బర్కత్‌పురలో ఓ కంపెనీ రాత పరీక్ష పెట్టిందనుకోండి. వచ్చిన ప్రతి ఒక్కరికీ 1 నుంచి వరుసగా టోకెన్లు ఇచ్చారు. మొత్తం ఎంతమంది వచ్చారో మాత్రం చెప్పలేదు. పరీక్షయ్యాక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, నారాయణగూడ టీ కొట్టు దగ్గర, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఒకరికొకరు తెలియని ఐదుగురిని మీరు అడిగారు. వాళ్ల నంబర్లు 58, 112, 203, 291, 347. మరి పోటీలో ఉన్నది ఎంతమంది?

డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూకైనా, గేట్ స్టాటిస్టిక్స్ పేపర్‌కైనా పనికొచ్చే లెక్క ఇది. మాగ్జిమమ్ లైక్లీహుడ్ ఎస్టిమేటర్ (ఎంఎల్ఈ), బయాస్, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మూడూ ఇందులోనే ఉన్నాయి. ఫార్ములా బట్టీ పట్టినవాళ్లు తడబడేదీ ఇక్కడే.

ఎంఎల్ఈ ఏం చెబుతుంది?

మొత్తం అభ్యర్థులు N, మనం అడిగినవాళ్లు k, మనకు దొరికిన పెద్ద నంబరు m అనుకుందాం. ఇక్కడ k = 5, m = 347. ఎంఎల్ఈ అడిగే ప్రశ్న ఒకటే: N ఎంతైతే మన చేతిలో ఉన్న ఈ ఐదు నంబర్లు రావడానికి అవకాశం అన్నిటికంటే ఎక్కువ?

N 347 కంటే తక్కువైతే 347 నంబరు టోకెనే ఉండదు కాబట్టి అవకాశం సున్నా. N పెరిగేకొద్దీ, ఎంతోమందిలోంచి సరిగ్గా ఈ ఐదుగురే తగిలే అవకాశం తగ్గుతూ పోతుంది. అంటే 347 దగ్గరే శిఖరం. డెరివేటివ్ తీసి సున్నాకి సమానం చేద్దామంటే ఇక్కడ కుదరదు. గ్రాఫ్ 347 దగ్గర ఒక్కసారిగా పైకి లేచి, అక్కడినుంచి దిగుతూ వస్తుంది. కాబట్టి ఎంఎల్ఈ అంటే m, అంటే 347.

బయాస్ ఎక్కడుంది?

347 అన్నది అసలు సంఖ్యను ఎప్పటికీ మించదు. చివరి టోకెన్ తీసుకున్న మనిషే మనకు తగిలితే సమానం అవుతుంది, లేకపోతే తక్కువే. ఇలా ఎప్పుడూ ఒకే వైపు తప్పే అంచనాకు బయాస్ ఉన్నట్టే.

ఎంత తక్కువ? 1 నుంచి N వరకు ఒక గీత గీసి, దానిమీద ఐదు చుక్కలు పెట్టండి. గీత ఆరు ముక్కలవుతుంది. చుక్కలు యాదృచ్ఛికంగా పడితే సగటున ఆరు ముక్కలూ సమానమే. పెద్ద నంబరు తర్వాత మిగిలేది చివరి ముక్క. అంటే m సగటున N లో ఆరింట ఐదు వంతుల దగ్గర ఆగిపోతుంది. కచ్చితమైన సూత్రం ఇదీ:

E(m) = k(N + 1)/(k + 1)

దీన్ని తిప్పి రాస్తే బయాస్ లేని అంచనా వస్తుంది: m(1 + 1/k) − 1. మన నంబర్లకు 347 × 1.2 − 1 = 415.4. అంటే సుమారు 415 మంది. ఐదుగురి బదులు యాభై మందిని అడిగితే లోటు 51లో ఒక వంతుకు తగ్గుతుంది. శాంపిల్ పెరిగేకొద్దీ ఈ బయాస్ కరిగిపోతుంది.

ఇంటర్వెల్ ఎలా కట్టాలి?

చాలామంది అంచనాకు అటూ ఇటూ 1.96 స్టాండర్డ్ ఎర్రర్లు వేసేస్తారు. ఇక్కడ అలా వేస్తే 347 కంటే కిందికి కూడా పోయే ప్రమాదం ఉంది. 347 నంబరు టోకెన్ కళ్లారా చూశాక 300 మందే వచ్చారనడం ఎలా కుదురుతుంది?

సూటి దారి వేరే ఉంది. ఐదు నంబర్లూ N లో సగానికి లోపే పడే అవకాశం సుమారు (1/2)^5, అంటే 32లో ఒకటి. సగం బదులు c వంతు అనుకుంటే c^5. అది 0.05 కావాలంటే c సుమారు 0.549. అంటే 95 శాతం సార్లు m అన్నది 0.549N కంటే పెద్దదే. దీన్నే తిప్పి చెబితే N ≤ m/0.549. కింది హద్దు m. మన లెక్కలో 347 నుంచి సుమారు 632 వరకు.

ఎంఎల్ఈ ఇక్కడ ఇంటర్వెల్ మధ్యలో లేదు, ఎడమ అంచున కూర్చుంది. ఇంకో మాట: 95 శాతం అనేది ఈ పద్ధతికి వర్తిస్తుంది. ఇలా ఎన్నోసార్లు చేస్తే వందకు 95 ఇంటర్వెళ్లలో అసలు N దొరుకుతుందని అర్థం. నమ్మకం కలగకపోతే ఇది నడిపి చూడండి:

```python
import random
N, k, trials = 500, 5, 10000
total = hit = 0
for _ in range(trials):
    m = max(random.sample(range(1, N + 1), k))
    total += m
    hit += (N <= m / 0.05 ** (1 / k))
print(total / trials, hit / trials)
```

మొదటి అంకె 417.5 దగ్గర వస్తుంది. అసలు 500 కాబట్టి ఆ లోటే బయాస్. రెండోది 0.95 దగ్గర ఉంటుంది.

యుద్ధంలో తేలిన లెక్క

రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాలు పట్టుబడిన జర్మన్ ట్యాంకుల సీరియల్ నంబర్ల నుంచి ఇదే తరహాలో ఉత్పత్తిని అంచనా వేశాయి. 1942 ఆగస్టు నెలకు గూఢచారులు చెప్పింది 1,550 ట్యాంకులు. గణాంక నిపుణుల లెక్క 327. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డుల్లో దొరికింది 342.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు పేరు కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోండి. బయాస్ లేని అంచనా వేరియెన్స్ ఇంతకంటే తగ్గదని చెప్పే క్రామర్-రావు హద్దు 1945 నాటి ఆయన పేపర్‌లోనిదే. అయితే ఆ హద్దుకు ఒక షరతుంది: డేటా పడే పరిధి, మనం వెతికే పరామితి మీద ఆధారపడకూడదు. మన లెక్కలో టోకెన్లు N వరకే ఉంటాయి. అంటే పరిధిని నిర్ణయించేదే N. కాబట్టి ఆ హద్దు ఇక్కడ వర్తించదు. ఇంటర్వ్యూలో ఇది అడగడానికి ఆస్కారం ఉన్న ప్రశ్న.

ఎక్కడ బెడిసికొడుతుంది?

మొత్తం లెక్క ఒక్క ఊహ మీద నిలబడింది: ఆ ఐదుగురూ యాదృచ్ఛికంగా దొరికారని. ఒకే హాస్టల్ నుంచి కలిసి వెళ్లినవాళ్లనే అడిగితే నంబర్లు పక్కపక్కనే ఉంటాయి. పొద్దున్నే వెళ్లినవాళ్లనే అడిగితే అన్నీ చిన్నవే వస్తాయి. టోకెన్లు 1001 నుంచి మొదలుపెట్టినా లెక్క తప్పుతుంది.

పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. నంబర్ల సగటును రెట్టింపు చేసి 1 తీసేయండి. అది కూడా బయాస్ లేని అంచనాయే. మన నంబర్ల సగటు 202.2 కాబట్టి 403.4 వస్తుంది, 415కి దగ్గరే. అదే 331, 336, 340, 344, 347 అయితే సగటు పద్ధతి 678 అంటుంది, పెద్ద నంబరు పద్ధతి 415 దగ్గరే ఆగుతుంది. రెండూ ఇంత దూరంగా ఉంటే శాంపిల్‌ని అనుమానించండి. కాకపోతే ఇది హెచ్చరిక మాత్రమే. పొద్దున్నే వెళ్లినవాళ్లనే అడిగితే రెండు పద్ధతులూ కలిసే తప్పుతాయి, ఈ పరీక్ష వాటిని పట్టుకోలేదు.

రేపు ఎవరైనా "ఎంఎల్ఈకి బయాస్ ఉండదు కదా?" అని అడిగితే, ఈ ఐదు టోకెన్లనే కాగితం మీద రాసి చూపించండి.