నాలుగు ముద్రలతో సమయం సరిచూసుకునే కంప్యూటర్

కంప్యూటర్ లోపలి గడియారం ఒక చిన్న క్వార్ట్జ్ పలుకు కంపనాలను లెక్కపెడుతూ నడుస్తుంది. ఆ పలుకు వేడెక్కినా చల్లబడినా దాని వేగం కొద్దిగా మారుతుంది. పది లక్షలకు పది పాళ్ల తేడా ఉన్నా చాలు, రోజు గడిచేసరికి గడియారం దాదాపు 0.86 సెకను తప్పుతుంది. అందుకే కంప్యూటర్లు మధ్యమధ్యలో నెట్‌వర్క్ మీదుగా ఒక టైమ్ సర్వర్‌ను అడిగి తమ సమయాన్ని సరిదిద్దుకుంటాయి. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతి నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, అంటే ఎన్‌టీపీ. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ దీన్ని రూపొందించారు. 1985లో దీని తొలి ప్రమాణపత్రం వెలువడింది, ఇప్పుడు వాడుకలో ఉన్న నాలుగో రూపాన్ని 2010లో ప్రకటించారు.

సర్వర్‌ను సమయం అడిగి, అది చెప్పిందే పెట్టుకుంటే సరిపోదు. జవాబు దారిలో ఉండగానే కొంత సమయం గడిచిపోతుంది. సర్వర్ ‘పది గంటలు’ అని పంపిన ప్యాకెట్ చేరేసరికి అక్కడ పది దాటి ఉంటుంది. ఎంత దాటిందో తెలియాలంటే ప్రయాణానికి పట్టిన సమయం కావాలి. బయలుదేరిన వేళను ఒక గడియారంలోనూ చేరిన వేళను మరో గడియారంలోనూ చూసి లెక్కకడితే ఆ ప్రయాణ సమయం తేలదు, ఎందుకంటే ఆ రెండు గడియారాలూ ఒకదానితో ఒకటి కలవడం లేదన్నదే అసలు సమస్య. నాలుగు టైమ్‌స్టాంపులు ఈ చిక్కును విడదీస్తాయి.

క్లయింట్ ప్రశ్న పంపేముందు తన గడియారం చూసి T1 అని రాసి పెడుతుంది. ప్రశ్న అందగానే సర్వర్ తన గడియారం ప్రకారం T2 వేస్తుంది. జవాబు పంపే క్షణంలో T3 వేసి, T1తో సహా అన్నింటినీ ఒకే ప్యాకెట్‌లో తిప్పి పంపుతుంది. జవాబు చేతికందిన క్షణాన్ని క్లయింట్ T4గా గుర్తుపెట్టుకుంటుంది. తాను పంపిన T1, జవాబులో తిరిగొచ్చిన T1 ఒకటేనా అని కూడా చూస్తుంది. తేడా ఉంటే అది తన ప్రశ్నకు వచ్చిన జవాబు కాదని పక్కన పడేస్తుంది.

ఇందులో కిటుకు ఒకటే. T1, T4 ఒకే గడియారం చెప్పినవి, T2, T3 మరో గడియారం చెప్పినవి. ఒక గడియారం ముందున్నా వెనకున్నా, అదే గడియారంలో రెండు క్షణాల మధ్య ఎంతసేపు గడిచిందన్నది దాదాపు సరిగానే ఉంటుంది. అందువల్ల T4 నుంచి T1 తీసేస్తే రానుపోను మొత్తం సమయం వస్తుంది. అందులోంచి సర్వర్ దగ్గర ఆగిన సమయం, అంటే T3 − T2, తీసేస్తే దారిలో గడిచింది మాత్రమే మిగులుతుంది. ఇదే ఆలస్యం. గడియారాల మధ్య తేడాను, అంటే ఆఫ్‌సెట్‌ను, పట్టుకోవడానికి రెండో సూత్రం ఉంది.

```
delay  = (T4 − T1) − (T3 − T2)
offset = ((T2 − T1) + (T3 − T4)) / 2
```

ఒక లెక్క వేసి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సర్వర్ గడియారం క్లయింట్ కన్నా 250 మిల్లీసెకన్లు ముందుందనీ, దారి ఒక్కో వైపు 20 మిల్లీసెకన్లు పడుతుందనీ అనుకుందాం. క్లయింట్ తన గడియారంలో 0 దగ్గర ప్రశ్న పంపింది. అది చేరేసరికి సర్వర్ గడియారంలో 270. సర్వర్ 2 మిల్లీసెకన్లలో జవాబు సిద్ధం చేసి 272 దగ్గర పంపింది. అది తిరిగొచ్చేసరికి క్లయింట్ గడియారంలో 42. ఆలస్యం 42 నుంచి 2 పోను 40. ఆఫ్‌సెట్ కోసం 270కి 230 కలిపి సగం చేస్తే 250. క్లయింట్‌కు ముందుగా ఏమీ తెలియకపోయినా అసలు తేడా అంకెతో సహా దొరికింది.

అయితే ఆ సగం చేయడంలోనే ఒక ఊహ దాగి ఉంది. పోయిన దారికీ వచ్చిన దారికీ సమానంగా సమయం పట్టిందని సూత్రం అనుకుంటుంది. పోయేటప్పటి ఆలస్యం, వచ్చేటప్పటి ఆలస్యం, గడియారాల తేడా అని తెలియనివి మూడుంటే, వాటిని తేల్చడానికి ఉన్న సమీకరణాలు రెండే. మూడో దాని స్థానంలో ఈ ఊహ నిలబడింది.

అదే ఇంట్లో ఎవరో పెద్ద సినిమా ఫైలు డౌన్‌లోడ్ చేస్తున్నారనుకుందాం. ప్రశ్న ఎప్పటిలాగే 20 మిల్లీసెకన్లలో వెళ్లింది, జవాబు మాత్రం సినిమా ప్యాకెట్ల వెనక వరుసలో నిలబడి 80 మిల్లీసెకన్లకు వచ్చింది. ఇప్పుడు T4 102 అవుతుంది. ఆలస్యం 100 అని తేలుతుంది, అది నిజమే. ఆఫ్‌సెట్ మాత్రం 270కి 170 కలిపి సగం చేస్తే 220 వస్తుంది. అసలు తేడాకు ఇది 30 తక్కువ. రెండు దారుల ఆలస్యాల మధ్య తేడా 60, దాని సగం ఈ 30. పొరపాటు ఎప్పుడూ ఇలాగే, దారుల తేడాలో సగం ఉంటుంది. ఒక దారికి అసలు సమయమే పట్టకపోయినా ఆ పొరపాటు మొత్తం ఆలస్యంలో సగాన్ని మించదు. అంటే ఇక్కడ ఎంత తప్పినా 50 లోపే. ఆఫ్‌సెట్‌ను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే హద్దు ఆలస్యమే.

ఎన్‌టీపీ ఈ సంగతినే వాడుకుంటుంది. ప్రతి సర్వర్ నుంచి చివరగా వచ్చిన ఎనిమిది కొలతలను దగ్గర పెట్టుకుని, వాటిలో అతి తక్కువ ఆలస్యం ఉన్నదానికి పెద్దపీట వేస్తుంది. ఎనిమిదింటినీ సరాసరి చేయదు. దారిలో వరుసలు లేనప్పుడు వచ్చిన జవాబులోనే రెండు వైపులా సమానంగా ఉండే అవకాశం ఎక్కువ. పై రెండు కొలతల్లో 40 ఉన్నది నిలుస్తుంది, 100 ఉన్నది వెనక్కి పోతుంది. లినక్స్ కంప్యూటర్‌లో `ntpq -p` అని టైప్ చేస్తే ఒక్కో సర్వర్‌కు ఎదురుగా `delay`, `offset`, `jitter` అంకెలు మిల్లీసెకన్లలో కనిపిస్తాయి. ఆలస్యం పెరిగినప్పుడల్లా ఆఫ్‌సెట్ కూడా ఒకే వైపుకు జరుగుతుంటే, తప్పు గడియారంలో కాక దారిలో ఉందని అనుమానించవచ్చు.

తాత్కాలికమైన రద్దీని ఈ వడపోత పట్టుకుంటుంది, శాశ్వతమైన తేడాను పట్టుకోలేదు. పోయే ప్యాకెట్లు ఒక కేబుల్ మార్గంలో, వచ్చేవి అంతకన్నా పొడవైన మరో మార్గంలో నడుస్తుంటే, అతి తక్కువ ఆలస్యం ఉన్న కొలతలోనూ ఆ తేడా ఉండిపోతుంది. అంకెలన్నీ నిలకడగా, ముచ్చటగా కనిపిస్తాయి, సమయం మాత్రం ఎప్పుడూ ఒకే మేరకు తప్పుతూ ఉంటుంది. నాలుగు టైమ్‌స్టాంపులను ఎన్నిసార్లు తీసుకున్నా ఇది బయటపడదు. జీపీఎస్ రిసీవర్ లాంటి వేరే ఆధారంతో పోల్చినప్పుడే తెలుస్తుంది. వేర్వేరు దారుల్లో ఉన్న సర్వర్లను అడిగినా జవాబులు పొసగకపోవడాన్ని బట్టి కొంత పసిగట్టవచ్చు. ఆ రెండూ లేనప్పుడు మిగిలే మార్గం దగ్గరి సర్వర్‌ను ఎంచుకోవడం. 100 మిల్లీసెకన్ల ఆలస్యంలో పొరపాటు 50 దాకా పోవచ్చు, 4 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న సర్వర్‌తో అది 2 దాటదు.