నాన్న పెన్షన్ ఏ రోజుదాకా వస్తుంది?

ఫిబ్రవరి 14న పోయిన మనిషికి ఆ రోజు పెన్షన్ వస్తుందా? వస్తుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల నిబంధనల ప్రకారం చనిపోయిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. అయితే పెన్షన్ నెలాఖరున పడుతుంది కాబట్టి, నెల మధ్యలో పోయినవాళ్లకు రావాల్సిన రోజుల డబ్బు ఆఫీసు దగ్గరే ఉండిపోతుంది. దాన్నే జీవితకాలపు బకాయి అంటారు. కూతురు రాసే ఉత్తరం అడగాల్సింది దాన్నే.

ఒక ఉదాహరణ చూద్దాం. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన తండ్రి 2023 ఫిబ్రవరి 14న పోయారనుకుందాం. మూల పెన్షన్ 24,000. అప్పటి కరువు భృతి 38 శాతం, అంటే 9,120. మొత్తం 33,120 రూపాయలు. ఆ ఫిబ్రవరికి 28 రోజులు కాబట్టి సరిగ్గా సగం, 16,560 రూపాయలు ఆయనకు రావాలి. తల్లి అంతకుముందే పోయింది. కూతురికి పెళ్లయింది కాబట్టి ఆమెకు కుటుంబ పెన్షన్ రాదు, బకాయి మాత్రం అడగవచ్చు.

ఇలాంటి ఉత్తరాల్లో చాలామంది నాన్నగారి అనారోగ్యం గురించి అర పేజీ రాసి, పీపీఓ నంబరు మరిచిపోతారు. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు మీద ఉండే 12 అంకెల నంబరు అది. బ్రాంచిలో ఇచ్చిన కాగితం అక్కడితో ఆగదు, బ్యాంకు కేంద్ర పెన్షన్ విభాగానికి వెళ్తుంది. అక్కడివాళ్లకు తెలిసేది మనిషి కాదు, ఆ నంబరే. ఉత్తరం ఇంత చిన్నదైనా సరిపోతుంది:

"గౌరవనీయులైన బ్రాంచ్ మేనేజర్ గారికి,
మీ బ్రాంచి ద్వారా పెన్షన్ తీసుకుంటున్న మా తండ్రిగారు 14-02-2023న మరణించారు. వారి పీపీఓ నంబరు, ఖాతా నంబరు కింద రాశాను. 15-02-2023 నుంచి పెన్షన్ ఆపగలరు. ఫిబ్రవరి 1 నుంచి 14 వరకు రావాల్సిన పెన్షన్‌ను, ఆ తేదీ వరకు వర్తించే కరువు భృతి తేడా ఏదైనా ఉంటే దాన్నీ, అర్హులైన వారసులకు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. మరణ ధ్రువీకరణ పత్రం జతచేశాను."

"ఆపగలరు" అనే మాట రాయడానికి చెయ్యి రాదు, నిజమే. కానీ ఆలస్యమైతే నెలాఖరున పూర్తి 33,120 ఖాతాలో పడిపోతుంది. అందులో 16,560 ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము. ఖర్మకాండల ఖర్చుకని ఎవరైనా నాన్న ఏటీఎం కార్డుతో తీశారా, బ్యాంకు ఆ డబ్బు కట్టమంటుంది. ధ్రువపత్రం చేతికి రావడానికి టైం పట్టేలా ఉంటే ముందు ఉత్తరం ఇచ్చేసి, పత్రం తర్వాత ఇవ్వడం నయం. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి.

అసలు చిక్కు నామినేషన్ దగ్గర వస్తుంది. బ్యాంకు ఖాతాకు రాసిన నామినీ వేరు, పెన్షన్ బకాయికి రాసే నామినీ వేరు. ఈ రెండోదానికి 1983 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. మన ఉదాహరణలోని తండ్రి రిటైరైనప్పుడు భార్య పేరు రాశారు. ఆమె పోయాక మార్చలేదు. ఆమె లేకపోతే ఎవరికివ్వాలో రాసే గడి ఖాళీగా వదిలేశారు. దాంతో నామినేషన్ ఉన్నా పనికిరాదు, డబ్బు వారసులందరిదీ అవుతుంది. కూతురు మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవాలి. అన్నదమ్ములుంటే, ఆమెకు ఇవ్వడానికి అభ్యంతరం లేదని వాళ్లు రాసివ్వాల్సి రావచ్చు. పదహారు వేల కోసం ఇంత తిరుగుడు! నాన్న ఉన్నప్పుడే ఆ గడిలో ఒక పేరు రాయిస్తే ఇదంతా తప్పేది.

ఇంట్లో తరచూ వచ్చే భయం ఇంకొకటి. "నాన్న రిటైరైనప్పుడు పెన్షన్‌లో కొంత అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకున్నారు, మిగిలింది మేం కట్టాలా?" అని. అక్కర్లేదు. కమ్యుటేషన్ తాలూకు మిగులును కుటుంబం నుంచి వసూలు చేయరు.

ఉత్తరంలో కరువు భృతి తేడా ఎందుకు రాశామంటే, 2023 మార్చి 24న కేంద్ర మంత్రివర్గం దాన్ని 38 నుంచి 42 శాతానికి పెంచింది, జనవరి 1 నుంచి వర్తించేలా. అప్పటికి తండ్రి లేరు. అయినా జనవరికి 960, ఫిబ్రవరి సగానికి 480, మొత్తం 1,440 రూపాయలు ఆయన ఖాతాలో రావాల్సినవే. ఫిబ్రవరి బకాయి చేతికందాక ఫైలు మూసేస్తారు, ఈ పద్నాలుగు వందలు ఎవరికీ గుర్తుండవు. అందుకే పెంపు ఉత్తర్వు వచ్చాక అదే పీపీఓ నంబరుతో, మొదటి ఉత్తరం తేదీ ప్రస్తావిస్తూ, రెండు వాక్యాల ఉత్తరం మళ్లీ ఇవ్వాలి. అప్పటికీ కదలిక లేకపోతే కేంద్ర పెన్షన్ శాఖ నడిపే CPENGRAMS పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ముద్ర వేయించుకున్న ఆ రెండో ప్రతిని దానికి జతచేయాలి.